మగ్గం వెనకాల మాటలు

పెనుకొండలో మిక్సింగ్ నబీసాబ్ ఇల్లు యాడని అడిగితే, ఇంట్లో ఒక్క పెళ్లయినా జరిగినవాళ్లెవరైనా దారి చూపిస్తారు. పెళ్లి వీడియో తీసుకొచ్చి, అక్కరలేనిది కత్తిరించి, మిగిలింది అతికించి, పాటలు వేసి చేతికిచ్చే పనిని ఆ ప్రాంతంలో మిక్సింగ్ అంటారు. నబీసాబ్ క్యాసెట్ల కాలం నుంచి ఆ పనిలో ఉన్నాడు. ఇప్పుడు కంప్యూటరు వచ్చింది, గడ్డం తెల్లబడింది, పని మాత్రం అదే.

వాళ్ల నాయన టైలరు. చొక్కా లోపలి నుంచి చూసినా అతుకు కనబడకూడదనేది ఆయన పట్టుదల. కొడుక్కి సూది పట్టుకునే ఓపిక లేకపోయింది కానీ ఆ పట్టుదల మాత్రం వచ్చింది. పెళ్లిళ్లలో కెమెరా ఒక్కటే ఉంటుంది. పురోహితుడు మధ్యలో ఫోను మాట్లాడతాడు, పెళ్లికొడుకు మేనమామ అడ్డం వచ్చి వక్కాకు ఉమ్మడానికి చోటు వెతుకుతాడు. అవి తీసేస్తే బొమ్మ ఎగురుతుంది. తల ఇటున్న మనిషి ఉన్నట్టుండి అటుంటాడు. అట్లాంటి చోట నబీసాబ్ గులాబీలు రాల్చేవాడు. స్క్రీను నిండా గులాబీలు రాలి, అవి తొలగేసరికి మేనమామ ఉండడు. ముప్పై ఏండ్లుగా ఆ ఊరి పెళ్లిళ్లన్నిటిలో గులాబీలు రాలుతూనే ఉన్నాయి. ఎవరూ ఎందుకని అడగలేదు.

పని సరిగ్గా కుదిరిందో లేదో తేల్చేది మాత్రం ఆయన భార్య మస్తాన్‌బీ. ఆమె అనపకాయలు ఒలుచుకుంటూ పక్కన కూర్చుంటుంది. నబీసాబ్ వీడియో పెడతాడు. ఆమె కాయల మీద నుంచి తల ఎత్తిందంటే అక్కడ అతుకు కనబడినట్టు. ఎందుకెత్తినావని అడిగితే ఆమె చెప్పలేదు. "ఏమో, కంట్లో నలుసు పడినట్టయింది" అంటుంది. నబీసాబ్ అక్కడికి పోయి సరిచేస్తాడు. ఇద్దరి మధ్యా దీని గురించి ఇంతకుమించి మాటలు నడవలేదు.

అట్లాంటి మనిషి దగ్గరికి ధర్మవరం నుంచి భాగ్యశ్రీ వచ్చింది. ఆమె పెళ్లి వీడియో చేసింది నబీసాబే. ఆమె నాయన హనుమంతరాయుడు పట్టుచీరలు నేసి నేసి మోకాళ్లు అరిగి, ఇప్పుడు మగ్గం రామాంజినేయులు అనే మనిషికి అప్పజెప్పి, తాను పక్కన కూర్చుని తప్పులు పడుతుంటాడు. ఆయనకు డెబ్భై నిండబోతున్నాయి. శాంతి చేయించి నలుగురికీ భోజనాలు పెట్టాలని ఇంట్లో అనుకున్నారు.

"నబీమామా, నాకొక వీడియో కావల్ల," అంది భాగ్యశ్రీ. "నాయన కూచోని తన కత చెప్పి, అందరూ రండి అని పిలిచేది. వాట్సాప్‌లో పంపిస్తా."

"పత్రిక కొట్టించుకోరాదా?"

"పత్రిక అందరికీ కొట్టిస్తాం. వీడియో ఒక్కడి కోసం."

ఆ ఒక్కడు ఆమె చిన్నాయన మోహన్. అన్నదమ్ములిద్దరూ ఒకే గుంతమగ్గంలో పక్కపక్కన కూర్చుని పెద్దవాళ్లయ్యారు. తర్వాత మోహన్ హిందూపురం పోయి మరమగ్గాలు పెట్టుకున్నాడు. కరెంటుతో నడిచే మగ్గం మీద తన తమ్ముడు చీర నేయించడం హనుమంతరాయుడికి తల తీసేసినట్టయింది. అప్పటి నుంచి మాటల్లేవు. ఆ ఇళ్లల్లో శుభకార్యానికి పిలవాలంటే గడప తొక్కి, బొట్టు పెట్టి, నోటితో రమ్మనాలి. పత్రిక పంపితే పరాయివాడిని పిలిచినట్టు. హనుమంతరాయుడు హిందూపురం పోనంటే పోనన్నాడు. కనీసం ఆయన ముఖమూ, ఆయన నోటి మాటా పోతే చిన్నాయన వస్తాడేమోనని భాగ్యశ్రీ ఆశ.

"నన్ను బడికి సైకిల్లో దింపింది చిన్నాయనే మామా. ఆయప్ప లేకుండా నాయన ఆ పీట మీద కూచుంటే నేను చూడలేను," అంది.

నబీసాబ్ సరేనన్నాడు. సులభమైన పనే అనుకున్నాడు.

ధర్మవరంలో హనుమంతరాయుడిని వసారాలో గోడ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కెమెరాకు పక్కగా భాగ్యశ్రీని కూర్చోమని, ఆమెను చూస్తూ మాట్లాడమన్నాడు. హనుమంతరాయుడు బాగానే మొదలుపెట్టాడు. వాళ్ల నాయన గురించి, మొదటి చీర గురించి, భార్య తిప్పమ్మ కాపురానికి వచ్చిన రోజు గురించి. తర్వాత తమ్ముడి దగ్గరికి వచ్చాడు.

"మా మోహన్ పదేండ్లకే దారం కండెలు చుట్టేవాడు. వాని చెయ్యి అట్లాంటి ఇట్లాంటి చెయ్యి కాదు. ఆ చేత్తోనే కరెంటు స్విచ్చి వేసినాడు, సిగ్గులేని నా బట్ట!"

భాగ్యశ్రీ నుదురు కొట్టుకుంది. నబీసాబ్ కెమెరా ఆపలేదు. ఆపితే ఆయన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడని భయం.

"జొరం వచ్చి నేను పడుకుంటే నా మగ్గం కూడా వాడే నేసినాడు. రాత్రీ పగలూ. ఇప్పుడు వానికి పగలూ లేదు రాత్రీ లేదు, మరమగ్గపోడు, మిషను తిరుగుతాంటే కాళ్లూపుకుంటా కూచుంటాడు!"

చివరి దాకా అదే వరస. ఒక మంచి మాట, దాని తోకన ఒక తిట్టు. రెండూ ఒకే ఊపిరిలో. ఆఖరున కూడా, "అందరూ రావల్ల. మోహనా, నువ్వూ రావల్ల" అని, ఊపిరి పీల్చుకుని, "వచ్చి నా మగ్గంలో నాడె పట్టుకో, చేతనైతే" అన్నాడు.

పెనుకొండకొచ్చి నబీసాబ్ తిట్లన్నీ కోసేశాడు. మాట వరకు చూస్తే తేనెలాగుంది. బొమ్మ చూస్తే హనుమంతరాయుడు కుర్చీలో గెంతుతున్నాడు. కళ్లద్దాలు ముక్కు మీద ఉన్నవి ఉన్నట్టే చేతిలోకి వచ్చాయి. కుడికి వంగినవాడు రెప్పపాటులో ఎడమకు వాలాడు. గోడ కదలదు, కుర్చీ కదలదు, మనిషి మాత్రం ఎగురుతాడు. మస్తాన్‌బీ ఒక్క కాయ కూడా ఒలవలేకపోయింది.

భాగ్యశ్రీ ఫోనులో చూసి, "మా నాయనకు ఎక్కిళ్లు వచ్చినట్టుండాది మామా," అంది.

"గులాబీలు వేస్తా."

"వద్దు మామా! మా నాయన జొరం గురించి చెప్తాంటే గులాబీలు రాలితే, పోయినాడేమో అనుకుంటారు."

అది నిజమేననిపించింది. బొమ్మను దగ్గరికి లాగి ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా చూపిద్దామని ప్రయత్నించాడు. పాత కెమెరా, లాగితే ముఖం అలుక్కుపోయింది. ఇక మిగిలింది ఒకటే. మాట ఆయనదే నడుస్తుండాలి, అతుకు పడేచోట కన్ను వేరే దాని మీద ఉండాలి. నబీసాబ్ మళ్లీ కెమెరా తీసుకుని రైలెక్కాడు.

ఈసారి హనుమంతరాయుడితో పని లేదు. ఆయన కళ్లద్దాలు తిప్పుకునే చేతులను దగ్గరగా తీశాడు. గోడ మీద అన్నదమ్ముల పాత ఫోటో ఉంది, దాన్ని తీశాడు. మగ్గం దగ్గరికి పోయి రామాంజినేయులు చేతులు, దారం మోసుకుని నాడె ఇటు నుంచి అటు పోవడం, పైన డిజైను దించే జకార్డు అట్టలు ఒకటొకటిగా తిరగడం, అంచులో జరీ మెరవడం, అన్నీ తీశాడు. ఎవరూ మాట్లాడకుండా వసారాలో ఊరికే ఉండే సద్దును కూడా కాసేపు పట్టుకున్నాడు. మాట కోసినచోట వెనక వినబడే సద్దు తెగితే, బొమ్మ దాచినా చెవి పట్టేస్తుంది.

తర్వాత తిప్పమ్మ. భర్త మాటలు వింటున్నట్టు ఆమె ముఖం కావాలి. ఆమె ఆ రోజు వంటింట్లో ఉండింది, విననే లేదు.

"అక్కా, ఆ కుర్చీ వైపు చూస్తా ఉండు. రాయుడన్న మాట్లాడతాండాడు అనుకో. అప్పుడప్పుడు తలూపు."

తిప్పమ్మ ఖాళీ కుర్చీని చూసింది. "ఆయప్ప కూచోనుంటేనే నేను తలూపలేదు ఇన్నేండ్లు. ఇప్పుడు కుర్చీకి ఊపల్లనా?"

"ఊరికే అక్కా, అబద్ధానికి."

"అబద్ధానికి తలకాయ ఊగదప్పా నాది."

నబీసాబ్ ఆలోచించి, పక్కింటి వెంకటక్కను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. వెంకటక్క తన కోడలి కత ఎత్తుకుంది. తిప్పమ్మ ముఖంలో ప్రాణమొచ్చింది. తలూపింది, కళ్లు పెద్దవి చేసింది, మూతి తిప్పింది, ఒకచోట ముక్కు మీద వేలేసుకుంది. నబీసాబ్ కెమెరాకు కావలసినంత దొరికింది.

అన్నీ అతికించాడు. ప్రతి కోతకు కాస్త ముందే మగ్గమో చేతులో వచ్చి, కోత దాటినాక కాస్త ఆగి పోయేటట్టు పెట్టాడు. సరిగ్గా కోత మీదనే పెడితే కన్ను పసిగడుతుంది. తిట్లున్న చోట్లలో ఎక్కువకు మగ్గమే వేశాడు. అది చూడముచ్చటగా ఉంది, పొడుగ్గానూ ఉంది. మస్తాన్‌బీ చేటలో కాయలన్నీ ఒలిచేసింది. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

భాగ్యశ్రీ మురిసిపోయి హిందూపురానికి పంపింది. జవాబు ఫోనులో వచ్చింది. అదీ మోహన్ స్వయంగా చేసి, పెద్దగా మాట్లాడకుండా చెప్పాడు.

"అమ్మా, మీ నాయనకు చెప్పు. మగ్గం చూసినా. అర్థమయింది. నేను రాను."

భాగ్యశ్రీ పెనుకొండకు ఫోను చేసి ఏడుపు బిగబట్టుకుని ఆ మాట చెప్పింది. నబీసాబ్ వీడియో పెట్టుకుని మొదటి నుంచి చూశాడు. ఈసారి అతుకుల కోసం చూడలేదు. మరమగ్గాలు పెట్టుకున్న మనిషి చూసినట్టు చూశాడు. "మా మోహన్ చెయ్యి అట్లాంటి ఇట్లాంటి చెయ్యి కాదు." చేతిమగ్గం. "నా మగ్గం కూడా వాడే నేసినాడు." చేతిమగ్గం. "మోహనా, నువ్వూ రావల్ల." చేతిమగ్గం, నాడె, జరీ అంచు. పేరు వచ్చినప్పుడల్లా మగ్గాన్ని తెచ్చి ముఖాన కొట్టినట్టుంది. హనుమంతరాయుడు నోటితో తిట్టింది తీసేసి, ఆ తిట్టునే నబీసాబ్ బొమ్మతో తిట్టాడు. పైగా నోటి తిట్టు కన్నా ఇది శుభ్రంగా, వెలుతురు బాగా పడి ఉంది.

"నేను పోయొస్తా," అని మస్తాన్‌బీతో చెప్పి, తీసినదంతా ఒక పెన్‌డ్రైవులో వేసుకుని, కెమెరా సంచి అలవాటుగా భుజానికి తగిలించుకుని, హిందూపురం బండెక్కాడు.

మోహన్ షెడ్డులో మరమగ్గాల మోతకు మాట వినబడదు. పక్క గదిలో తలుపు వేసుకుంటే కొంచెం నయం. మోహన్ సన్నగా, తెల్లటి జుట్టుతో, అన్న ముఖాన్నే కాస్త ఎండబెట్టినట్టున్నాడు. నబీసాబ్‌ను కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు.

"నువ్వేనా అప్పా ఆ వీడియో చేసింది? బాగా చేసినావు. నాకు బాగా తగిలింది."

"అది తగలల్లని చేసింది కాదు, మోహనన్నా."

"చేతులు చూపిస్తివే, అవి ఎవురివి?"

"మగ్గం మీద ఉండేటివి."

"మాయన్నవి కావు. మాయన్న కుడిచేత్తో తాడు లాగుతాడు. ఆ మనిషి ఎడమచేత్తో లాగతాండాడు. ఇంగొకటి, మా వదిన మూతి తిప్పింది చూడు. మాయన్న మాట్లాడతాంటే ఆమె మూతి తిప్పదు, లేచిపోతాది. ఆ మూతి ఎవురో ఆడమనిషి కోడలి కత చెప్తాంటే తిప్పిన మూతి. అవునా కాదా?"

నబీసాబ్ టీ తాగాడు. మస్తాన్‌బీకి కనబడని అతుకులన్నీ ఈ మనిషికి కనబడ్డాయి.

"అవును," అన్నాడు.

"అయితే మాయన్న నా గురించి చెప్పేటప్పుడల్లా కావాలనే ఆ మగ్గం తెచ్చి పెట్టమన్నాడు."

"రాయుడన్నకు ఆ సంగతే తెలీదు. ఆ బొమ్మలు నేను పెట్టినా. ఆడ కోసినా. కోసినచోట మనిషి ఎగురుతాడు. ఎగిరేది కనబడకుండా పైన మగ్గం కప్పినా. అంతే."

"ఏం కోసినావు?"

నబీసాబ్ గ్లాసు కింద పెట్టాడు. "తిట్లు."

"ఎవుర్ని?"

"నిన్నే."

"మగ్గం వచ్చిన చోటల్లా?"

"మగ్గం వచ్చిన చోటల్లా."

తలుపు అవతల మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. మోహన్ భుజాలు కిందికి దిగాయి.

"తిట్లేనా?" అన్నాడు. "నేను ఎత్తిపొడుపేమో అనుకుంటినే. తిట్టేది వాని హక్కు. ఊరందరికీ సినిమా తీసి ఎత్తిపొడిచేది కాదు. ఏదీ, ఆ కోసిన ముక్కలు తెచ్చినావా?"

"తెచ్చినా. కోయకుండా మొత్తం ఉండాది."

"పెట్టు."

గదిలో టీవీ ఉంది. నబీసాబ్ దాన్ని కాస్త పక్కకు జరిపాడు. ధర్మవరంలో హనుమంతరాయుడు కెమెరాకు కుడివైపు చూస్తూ మాట్లాడాడు. కాబట్టి వినేవాడు ఎడమవైపు చూడాలి, అప్పుడే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టుంటుంది. ఇదంతా ఆలోచించి చేసింది కాదు, చేతులు వాటంతట అవే చేశాయి. టీవీ జరిపినాక తానేం చేస్తున్నాడో ఆయనకే తెలిసింది.

"మోహనన్నా, నువ్వు వింటాంటే నీ మొగం తీసుకుంటా. బొమ్మ ఒక్కటే, సద్దు వద్దు. సరేనా?"

"నా మొగం యాడ పెడతావు?"

"మగ్గం తీసేసి ఆడ."

మోహన్ ఆలోచించాడు. "తలూపల్లనా?"

"వద్దు. ఊరికే విను."

విన్నాడు. మొదటి తిట్టుకు కనుబొమ్మ లేచింది. జ్వరం సంగతి వచ్చినప్పుడు కదలలేదు, అసలు ఊపిరి పీల్చినట్టే లేదు, ఆ వెంటనే మరమగ్గపోడు అన్నదానికి మాత్రం పెదవి ఒక పక్కకు పోయింది. కాళ్లూపుకుంటా కూచుంటాడు అన్నచోట తన కాళ్లు చూసుకున్నాడు. చివరి నాడె మాటకు, "వీని తలకాయ, ఇంగా అదే కూత" అని గొణిగాడు. నబీసాబ్ కెమెరా కదిలించలేదు.

పెనుకొండకు వచ్చి మగ్గాలన్నీ తీసేశాడు. రామాంజినేయులి చేతులు పోయాయి, తిప్పమ్మ మూతి పోయింది. పాత ఫోటోను మాత్రం ఉంచాడు. ప్రతి తిట్టు ఉన్నచోట, సరిగ్గా ఆ తిట్టు వింటున్నప్పటి మోహన్ ముఖాన్నే పెట్టాడు. తిట్టు వినబడదు. విన్న ముఖం కనబడుతుంది. దాని కింద హనుమంతరాయుడి తర్వాతి మంచి మాట నడుస్తుంటుంది. రెండు గోడలూ తెల్లవే, రెండు ముఖాలూ దగ్గరగానే. వసారాలో పట్టుకున్న సద్దును మొత్తానికీ పరిచాడు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

మస్తాన్‌బీ ఈసారి తల ఎత్తింది. ఎత్తి దించలేదు.

"అతుకు కనబడిందా?" అన్నాడు నబీసాబ్, కాస్త నిరాశగా.

"అతుకు యాడుండాది? ఆ వినే మనిషి ఎవురు? వానికి ఇంగోటి చెప్పమను, ఎట్ల వింటాడో చూద్దాం," అంది ఆమె.

ఇది ఎవరికీ పంపకముందే ధర్మవరం తీసుకుపోయి, హనుమంతరాయుడికి చూపించాడు. తిట్లు ఎందుకు లేవో, తమ్ముడి ముఖం ఎక్కడిదో ముందే చెబుదామని నోరు తెరిచాడు. హనుమంతరాయుడు చేయి అడ్డం పెట్టి చూడడం మొదలుపెట్టాడు. భాగ్యశ్రీ తలుపు దగ్గర నిలబడి నాయననే చూస్తోంది. తిప్పమ్మ తడి చేతులతో వచ్చి స్తంభానికి ఆనుకుంది.

కాసేపటికి హనుమంతరాయుడు అడిగాడు. "వీడెప్పుడు వచ్చినాడు ఈ ఇంటికి?"

"రాలేదన్నా. నేనే పోయినా."

"నేను చెప్పేది వింటాండాడే."

"విన్నాడు. మొత్తం. కోసింది కూడా."

"కోసింది కూడానా?" హనుమంతరాయుడు స్క్రీను వైపు వంగాడు. తమ్ముడి పెదవి ఒక పక్కకు పోయిన చోటు అది. "ఈడ నేను కాళ్లూపుకుంటాండాడు అంటిని కదా? ఈ మూతికి అదే."

"కాదు నాయనా," అంది భాగ్యశ్రీ. "అది ఇంగోటి."

"ఏదైతేనేం." భార్య వైపు తిరిగాడు. "చిన్నోని తలకాయ తెల్లగయిపోయింది చూడు."

"నీది మాత్రం నల్లగుండాదా?" అంది తిప్పమ్మ.

"అది కాదే. మన గోడ ముందర కూచోనుండాడు. నేను పిలవకుండానే వచ్చి కూచోని తిట్టిచ్చుకుంటాండాడు. ఇంగా పిలవకుంటే మర్యాదా?" అని లేచి, మోకాలు పట్టుకుని నిలబడి, "కుంకుమ భరిణ యాడ పెట్టినావు?" అన్నాడు.

వీడియోను ఎవరికీ పంపలేదు. హిందూపురం రైల్లో హనుమంతరాయుడు, తిప్పమ్మ, భాగ్యశ్రీ ఒకవైపు కూర్చున్నారు, ఎదురుగా నబీసాబ్. పెనుకొండలో దిగిపోతానంటే హనుమంతరాయుడు దిగనియ్యలేదు. కెమెరా సంచి కూడా ఉంది కాబట్టి రమ్మన్నాడు. బండి కదిలినాక మాత్రం, "తీయబాక అబ్బా. నేనేమంటానో నాకే తెలీదు," అన్నాడు.

మోహన్ షెడ్డు ముందు ఆటో దిగారు. మోతకు పిలిస్తే వినబడదు. తిప్పమ్మ కుంకుమ భరిణ పట్టుకుని ముందు నిలబడింది. హనుమంతరాయుడు గొంతు సవరించుకున్నాడు, లోపలికి చూశాడు, వరసగా తిరుగుతున్న మిషన్లను చూశాడు, ఆయన ముఖం ఎర్రబడింది.

"ఒరే మరమగ్గపోడా! ఉండావా లోపల?"

లోపల ఎవరో స్విచ్చి ఆపారు. ఒకటొకటిగా మిషన్లన్నీ ఆగాయి. మోహన్ గడప దగ్గరికి వచ్చాడు. వదిన బొట్టు పెట్టడానికి వీలుగా తల వంచాడు, పెట్టించుకున్నాడు, తర్వాత అన్నను చూశాడు.

"ఇంతేనా, ఇంగా ఉండాదా?"

"చానా ఉండాది."

"లోపలికొచ్చి చెప్పు. నిలబడితే నీ మోకాళ్లు నొస్తాయి."

హనుమంతరాయుడు గడప దాటాడు. నబీసాబ్ బయటే నిలబడి, అలవాటు చొప్పున ముందు ఆ ముఖం, తర్వాత ఈ ముఖం, తర్వాత వింటున్న తిప్పమ్మ ముఖం చూశాడు.

"ఏంది అబ్బా నా మొగంలోకి చూస్తాండావు?" అంది ఆమె. "రా, నువ్వూ కూచో. ఇది శానాసేపు పడతాది."